గుండిగ అడుగు నూనె

తాయారు గారి గురించి మా వైపు ఒక కథ తిరుగుతోంది. నేను దాన్ని మొదట ఆటోలో విన్నాను. నా పక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు రామతీర్థం నుంచి విజయనగరం వస్తున్నారు. నేను ఎవరో వాళ్ళకి తెలియదు.

"ఆ ల్యాబులో తాయారని ఒకావిడున్నాది సూడు, ఆవిడ ముక్కే మిషనంట. సీసా మూత తీసి పీల్సి పాసో ఫెయిలో సెప్పేస్తాదంట."

"అలగా?"

"మరేటి! తమ్ముడి పెళ్ళాం గానుగ నూనె నెంబర్లో పాసైతే, ముక్కుతో ఫెయిల్ సేసీసింది. ఎందుకనుకున్నావు? అమ్మగారి ఇత్తడి గుండిగ మరదలు ఉంచీసుకుందని. పదేళ్ళ కోపం! ఆ కాయితం మీద కక్కీసింది."

మూడో మనిషిని నేను ఉన్నానని వాళ్ళు పట్టించుకోలేదు. దిగేటప్పుడు డ్రైవరు చేతిలో చిల్లర పెట్టి దిగిపోయాను.

ఆ కథలో చాలావరకు నిజమే. గుండిగ అనే ఆ పెద్ద పాత్ర ఉంది. నెంబరు పాసైన నూనె ఫెయిలైన మాటా నిజమే. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను కాబట్టి, ఏం జరిగిందో రాస్తాను.

మా ల్యాబు ఒక మందుల షాపు పైన రెండు గదులు. మురళీమోహన్ గారిది. ఆయన కెమిస్ట్రీ చదివారు, రిపోర్టు మీద సంతకం ఆయనదే. పరీక్షలు చేసేది తాయారు గారు. ఆవిడకి యాభై మూడేళ్ళు. పొట్టి మనిషి, ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు. పద్దెనిమిదో ఏట ఒక నూనె మిల్లులో సీసాలు కడిగే పనికి చేరి, కడుగుతూ కడుగుతూ పక్కనున్నవాళ్ళు చేసేదంతా చూసి నేర్చుకున్నారు. నేనూ ఇంటరు మొదటి ఏడాదిలోనే మానేసి సీసాలు కడగడానికే వచ్చాను. మొదటి రోజు ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "పేరేటి?" అన్నారు. రేఖ అని చెప్పాను. "గట్టిగా సెప్పు, సీసాలకి కూడా వినబడాల," అన్నారు. అప్పట్నుంచి ఆవిడని పిన్నీ అని పిలుస్తున్నాను.

నూనె పాడైందో లేదో చూడటానికి మా దగ్గర ఎక్కువగా చేసేది పెరాక్సైడు పరీక్ష. గాలి తగిలిన నూనెలో ముందుగా పుట్టేది ఈ పెరాక్సైడే. ఐదు గ్రాముల నూనె తూచి, ఎసిటిక్ యాసిడ్, క్లోరోఫాం కలిపిన ద్రవంలో కరిగించి, అందులో అర మిల్లీలీటరు పొటాషియం అయొడైడు వేసి సరిగ్గా ఒక నిమిషం ఊపాలి. నూనెలో పెరాక్సైడు ఉంటే అయొడిన్ విడుదలై పసుపు రంగు వస్తుంది. నీళ్ళు పోసి, గీతలున్న గాజు గొట్టం, బ్యూరెట్ నుంచి, అయొడిన్ రంగుని పోగొట్టే హైపోని చుక్కలు చుక్కలుగా వదులుతూ, పసుపు పలచబడ్డాక గంజి నీళ్ళు వేస్తే నీలం తిరుగుతుంది. ఆ నీలం పోయేవరకు మళ్ళీ చుక్కలు. నూనె లేకుండా కూడా ఒకసారి ఇదంతా చేసి, దానికి పట్టిన హైపోని లెక్కలోంచి తీసేయాలి. మేం వాడే హైపో బలానికి, మిగిలిన మిల్లీలీటర్లని రెట్టింపు చేస్తే అదే నెంబరు. పది దాటకూడదు.

తాయారు గారు ఒక్కో నూనెని రెండుసార్లు చేస్తారు. రెండూ కలవకపోతే మూడోసారి. మురళీమోహన్ గారు గడియారం చూపించినా సరే. "పదిమంది తినే సరుకు బాబూ," అంటారు.

నెంబరు కాకుండా రిపోర్టులో రంగుకి ఒక గడి, వాసనకి ఒక గడి ఉంటాయి. అక్కడికి వచ్చేసరికి పిన్ని మూత తీసి సీసా ముక్కు దగ్గర పట్టుకుని, కాసేపు ఆగి, నా చేతికిచ్చేవారు. "నువ్ సెప్పు, ఏటి వాసన?" నేను ఏదనిపిస్తే అది చెప్పేదాన్ని. వేయించిన పల్లీ, పచ్చి పిండి, తడి గోనె. పిన్ని రాసేవారు.

ఇక గానుగ సంగతి. తాయారు గారి తమ్ముడు లక్ష్ముడి భార్య ఈశ్వరి, రామతీర్థం దగ్గరి పల్లెలో ఇంకో ఏడుగురు ఆడవాళ్ళతో కలిసి చెక్క గానుగ పెట్టింది. పల్లీ నూనె. పిల్లలు ఉండి చదువుకునే ఒక బడి వంటశాల వాళ్ళ నూనె తీసుకోవడానికి ఒప్పుకుంది, కానీ నెలనెలా మా రిపోర్టు చూపించాలి. వరసగా మూడు ఫెయిలైతే ఆర్డరు పోతుంది. ఆ ఆర్డరు లేకపోతే గానుగ వారానికి రెండు రోజులు కూడా తిరగదు. ఎనిమిది మందీ మళ్ళీ జీడిపిక్కల షెడ్డుకి పోయి పిక్కలు కొట్టుకోవాలి. వాళ్ళ వేళ్ళకి ఆ పిక్కల జిడ్డు నల్లమచ్చలు ఇంకా పోలేదు.

మొదటి నెల పన్నెండు పాయింట్ నాలుగు వచ్చింది. రెండో నెల పదమూడు. అప్పుడే ఆడించిన నూనె, బంగారంలా ఉంది, వాసన కూడా తేడా లేదు. పల్లీలు పుచ్చువని ఈశ్వరి కొట్టువాడి మీద పడింది. వాడు పల్లీలు మార్చాడు. నెంబరు మారలేదు.

అప్పుడు ఈశ్వరి ఒక పని చేసింది. తన ఇంట్లో పొయ్యి గట్టు మీద ఏడాదిన్నరగా సగం ఖాళీగా ఉన్న పాత నూనె సీసా ఒకటి, జట్టులో చిన్నదైన దేవి పేరు రాయించి, మాకు పంపింది. ఆ సంగతి మాకు తెలియదు.

పిన్ని చేశారు. ఆరు పాయింట్ రెండు. మళ్ళీ చేశారు. ఆరు. మురళీమోహన్ గారు తొంగి చూసి, "పాస్ కదా, రాసెయ్యండి," అన్నారు.

పిన్ని సీసా మూత తీసి ముక్కు దగ్గర పట్టుకుని, నాకు ఇచ్చారు. నేను సీసాని ముఖానికి దూరంగా జరిపాను. కొత్తగా రంగు వేసిన తలుపు, దాని వెనక ఎప్పటివో మూతబెట్టి మరచిపోయిన జంతికలు. నెంబరు ఆరు కదా, నేనే తప్పేమో అనుకుని ఊరుకున్నాను.

"ఏటి? మొకం అలా పెట్టీసినావు?"

"ఏం లేదు పిన్నీ."

"రేఖా. నెంబరు సూసి సెప్పకు. ముక్కు సూసి సెప్పు."

చెప్పాను. పిన్ని రిపోర్టు ముందుకు లాక్కున్నారు. నెంబరు ఆరు అని రాశారు, వాసన గడిలో పాడైన వాసన అని రాశారు, కింద తినడానికి పనికిరాదు అని రాసి మురళీమోహన్ గారి ముందు పెట్టారు. ఆయన కూడా ఒకసారి సీసా తీసి వాసన చూసి, వెంటనే మూత పెట్టేసి సంతకం చేశారు. కొంచెం నూనె విశాఖపట్నంలో పెద్ద ల్యాబుకి ఇంకో పరీక్షకి పంపించారు.

మూడో రోజు ఈశ్వరి మెట్లెక్కి వచ్చింది. వెనక దేవి.

"వదినా! బయటికి రా!"

"లోపలికే రా. సెప్పులిప్పు."

"ఇప్పను! ఏటిది? నెంబరు ఆరు. నీ కాయితమే సెప్తంది ఆరని. పది లోపల ఉంటే పాసని నువ్వే కదా సెప్పినావు?"

"సెప్పినాను."

"మరి ఫెయిలేటి? అది ఏడాదిన్నర పాత నూనె, తెలుసా? నానే పంపినాను. సూద్దారని పంపినాను. పాతదేమో ఆరంట, నిన్న ఆడించిందేమో పదమూడంట! ఏ ఊరి లెక్కిది? లెక్కలో దొరకలేదని ముక్కుతో ఫెయిల్ సేసీసినావు. ఆ గుండిగ కోసమే కదా ఇదంతా! అత్త పోయిన నాడు నానే ఉంచీసుకున్నాను. ఔను, ఉంచీసుకున్నాను! నీకు మండుతాది!"

నేను సీసాల దగ్గర నిలబడి కుళాయి కట్టేశాను. దేవి ఈశ్వరి కొంగు పట్టుకుని లాగుతోంది.

పిన్నికి కోపం రాలేదు. అదే వింతగా అనిపించింది. "పాతదని నువ్వే సెప్పినావు కదే. మరి నా ముక్కు సరిగ్గానే పనిసేసినట్టు కాదేటి?" అన్నారు.

ఈశ్వరి "మరి ఆరెందుకొచ్చింది?" అంది, ఈసారి మామూలు గొంతుతో.

"కూకో సెప్తాను. పెళ్ళి భోజనాలు ఎంతమంది తిన్నారో నువ్వు సాయంత్రం నాలుగింటికెళ్ళి పందిట్లో లెక్కెట్టినావనుకో. నలుగురుంటారు. నలుగురే తిన్నారంటావా?"

"ఎందుకంటాను? ఎంగిలాకులు ఉంటాయి కదా."

"అద్దీ. ఈ పెరాక్సైడు పందిట్లో జనంలాటిది. నూనెకి గాలి తగిలితే ముందర అదే పెరుగుతాది. ఎల్లకాలం ఉండదు. ఇరిగిపోయి కంపుకొట్టే సరుకైపోతాది. అప్పుడు నెంబరు దిగిపోతాది, కంపు మిగిలిపోతాది. అందుకే ఉత్త నెంబరు సూసి పాసెయ్యకూడదు. ఎంగిలాకులు లెక్కెట్టే పరీక్ష ఏరే ఉన్నాది, విశాఖపట్నం పంపినాం."

దేవి మెల్లగా, "మరి మన కొత్త నూనె, పిన్నీ?" అని అడిగింది.

"దానిది జనం ఇంకా తింటన్న పందిరి. కంపు లేదు, నెంబరు ఉన్నాది. కానీ నిన్న ఆడించిందానికి పదమూడు రాకూడదు. రెండో మూడో రావాల. మీ కాడే ఏదో దాన్ని పాడుసేస్తంది. ఆదివారం వస్తాను, సూస్తాను."

"గుండిగ సూడ్డానికా?" అంది ఈశ్వరి.

"గుండిగ కూడా సూస్తాను," అన్నారు పిన్ని.

ఆదివారం నన్ను కూడా తీసుకెళ్ళారు. నేను ఆరు గాజు సీసాలు కడిగి, ఓవెన్‌లో ఆరబెట్టి, నల్ల కాగితం చుట్టి సంచిలో పెట్టుకున్నాను. గానుగ షెడ్డు శుభ్రంగా ఉంది. మేం వెళ్ళేసరికి పల్లీలు ఆడుతున్నాయి. నూనె సన్నటి దారగా స్టీలు గిన్నెలోకి దిగుతోంది. పిన్ని ఆ దార కిందే ఒక సీసా పట్టారు.

"ఇది ఎక్కడ పోస్తారు?" అడిగారు.

తేర్చడానికి పోసే పాత్రని ఈశ్వరి చూపించింది. షెడ్డు మూల, పసుపు రాసి బొట్టు పెట్టి, పెద్ద ఇత్తడి గుండిగ. ఐదారు బిందెలు పడుతుంది. మూడు రోజులు అందులో ఉంచితే మడ్డి కిందికి దిగుతుంది, పైన తేటని సీసాల్లో నింపుతారు. మాకు పంపే సీసా కూడా అందులోంచే.

పిన్ని గుండిగ అంచు పట్టుకుని లోపలికి వంగి చాలాసేపు చూశారు. ఈశ్వరి చేతులు కట్టుకుని ఆవిడనే చూస్తోంది. తర్వాత పిన్ని టార్చి వేసి నన్ను పిలిచారు. లోపల మెడ దగ్గర తగరం పూత, కళాయి, తెల్లగా ఉంది. నూనె గీత కింద కళాయి ఎప్పుడో అరిగిపోయింది. పచ్చటి ఇత్తడి మెరుస్తోంది. అంచున సన్నగా చిలుం.

"కళాయి ఎప్పుడెయ్యించినావు?"

"అత్త ఉన్నప్పుడు. ఇప్పుడు కళాయోడు ఏడున్నాడు?"

"అడుగున నూనెంతా తీసి కడిగింది ఎప్పుడు?"

షెడ్డులో ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈశ్వరి, "అడుగు తీయకూడదు వదినా. నూనె గుండిగ ఉట్టిది అయిపోకూడదని అత్తే సెప్పింది. ఇంట్లో లచ్చిమి ఎల్పోతాదని. ఎప్పుడూ ఒక సోలెడు ఉంచి, దాని మీదే కొత్తది పోస్తాం," అంది.

"మా అమ్మ సెప్పిందే," అన్నారు పిన్ని. "నాకూ సెప్పింది. నానూ మా ఇంట్లో నూనె డబ్బా అడుగుదాకా ఒంపను ఇప్పటికీ." ఆవిడ నవ్వారు. "మా ల్యాబులో కూకుని నాను అందరికీ సెప్తాను కానీ."

ఆ నవ్వుతో ఏడుగురూ నవ్వారు. ఈశ్వరి నవ్వలేదు. కానీ స్టూలు తెచ్చి వేసింది.

పిన్ని చెప్పింది ఇది. ఇత్తడిలో రాగి ఉంటుంది. రాగి ఉత్తినే తగిలితే చాలు, నూనె గాలిని పట్టుకోవడం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అడుగున పాత నూనె మిగిలితే అందులో ఉన్న పాడు కొత్తదాన్ని కూడా తొందరగా పాడుచేస్తుంది. పెరుగు తోడులాగ. ఈ గుండిగలో రెండూ ఉన్నాయి.

"నీ మాటే నిజమని ఏటి రుజువు?" అంది ఈశ్వరి.

"రుజువు లేకుండా నమ్మొద్దు. నానూ నమ్మను," అన్నారు పిన్ని.

ఆ రోజు ఆడిన నూనెనే మూడు భాగాలు చేశారు. ఒకటి ఎప్పటిలాగే గుండిగలో, అడుగు నూనె మీద. ఒకటి కడిగి ఎండబెట్టిన స్టీలు క్యానులో, నిండుగా, మూత బిగించి. మూడోది అలాంటిదే ఇంకో స్టీలు క్యానులో, కానీ గుండిగ అడుగు నూనె రెండు గరిటెలు కలిపి. మూడూ షెడ్డులో అదే మూల. రెండు వారాలు ఎవరూ ముట్టకూడదు. నెలాఖరుకి ఇంకా పదహారు రోజులున్నాయి. అంటే ఇది తేలకపోతే మూడో రిపోర్టు కూడా గుండిగ నూనెదే అవుతుంది, ఆర్డరు పోతుంది. ఈశ్వరికి అది తెలుసు. క్యాన్ల మూతల మీద కాగితం అంటించి తన వేలిముద్ర తనే వేసింది, "నువ్వు మార్చీకుండా," అని. పిన్ని తన వేలిముద్ర కూడా పక్కనే వేశారు, "నువ్వు మార్చీకుండా," అని.

దార కింద పట్టిన సీసాని సోమవారం పొద్దున్నే చేశారు. ఒకటి పాయింట్ ఎనిమిది. పల్లీల్లో తప్పు లేదు, గానుగలో తప్పు లేదు. ఆ వారంలోనే విశాఖపట్నం నుంచి దేవి పేరున్న సీసా కాగితం కూడా వచ్చింది. ఎంగిలాకుల లెక్క మామూలు నూనెకి వచ్చేదానికి ఎన్నో రెట్లుంది. మురళీమోహన్ గారు దాన్ని ఫైల్లో పెట్టమని నాకిచ్చారు. నేను రెండుసార్లు చదువుకుని పెట్టాను.

రెండు వారాలకి ఈశ్వరి మూడు సీసాలు పట్టుకుని తనే వచ్చింది. ఈసారి చెప్పులు మెట్ల కిందే విప్పింది. ఏ సీసా ఏదో మాకు చెప్పనని, చీటీలు మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

"నువ్వు సెయ్యి, నాను సూస్తాను," అంది.

పిన్ని తన బల్ల పక్కనే స్టూలు వేశారు. మొదటిది. పసుపు చాలా లేతగా వచ్చింది. గంజి వేశాక నీలం నాలుగు చుక్కలకే విరిగిపోయింది. రెండు పాయింట్ నాలుగు. రెండోది కొంచెం ముదురు. ఐదు పాయింట్ ఎనిమిది. మూడోది ఊపుతుండగానే టీ డికాషనంత రంగు తిరిగింది. బ్యూరెట్ దిగుతూనే ఉంది. ఈశ్వరి ఆ గీతలనే చూస్తూ పెదాలతో లెక్కపెట్టుకుంటోంది. పంతొమ్మిది పాయింట్ రెండు.

చీటీలు తీసింది. విప్పి వరసగా బల్ల మీద పెట్టింది. మొదటిది ఉత్త స్టీలు. రెండోది రెండు గరిటెల అడుగు నూనె. మూడోది గుండిగ.

తర్వాత ఈశ్వరి అంది, "అయితే ఆ గుండిగ నువ్వే పట్టికెళ్ళిపో వదినా."

"నాకెందుకే? రెండు గదుల కొంప. అందులో నన్ను పడుకోబెడతావేటి?"

"మరేటి సెయ్యమంటావు? అత్తది. అమ్మలేను."

"కళాయి ఎయ్యించి పులిహోర కలుపు. నూనె మటుకు పొయ్యకు. లచ్చిమి ఉండాలంటే అందులో ఒక సోలెడు బియ్యం పొయ్యి."

నెలాఖరుకి స్టీలు క్యాను నూనె అసలు పేరుతోనే వచ్చింది. పిన్ని కొత్తగా నూనె పట్టుకున్నట్టే మళ్ళీ మొదట్నుంచి రెండుసార్లు చేశారు. రెండు పాయింట్ ఆరు. మామూలు వాసన. పాస్. ఆ తర్వాత నెలల్లో కూడా మూడు దాటలేదు. ఇప్పుడు గానుగ వారంలో ఆరు రోజులు తిరుగుతుంది. ప్రతిసారి క్యాన్లు అడుగుదాకా ఖాళీ చేసి, కడిగి, ఎండలో బోర్లించి, చుక్క తడి లేకుండా ఆరాకే నింపుతారు. గుండిగ షెడ్డు గుమ్మం దగ్గర ఉంది. పార్వతీపురం నుంచి కళాయి అతను వచ్చి వేశాడు. అందులో బియ్యం. పసుపు, బొట్టు అలాగే ఉన్నాయి.

మొన్న నూనె ఇవ్వడానికి వచ్చినప్పుడు ఈశ్వరి పిన్నికి అరకిలో జీడిపప్పు తెచ్చింది. పిన్ని పుచ్చుకోలేదు. పరీక్షకి వచ్చినవాళ్ళ దగ్గర ఏమీ పుచ్చుకోరు. "మరదలినే, పరీక్షకి రాలేదు ఇయ్యేళ," అంది ఈశ్వరి. "సేతిలో సీసా ఉన్నాది కదే," అన్నారు పిన్ని. ఈశ్వరి సీసా నా చేతిలో పెట్టి, కిందికి దిగి, మళ్ళీ జీడిపప్పు ఒక్కటే పట్టుకుని ఎక్కి వచ్చింది. అప్పుడు పిన్ని పుచ్చుకున్నారు, ముగ్గురం అక్కడే తిన్నాం.

కథ మటుకు ఆగలేదు. ఇప్పుడు ఇంకా పెరిగింది. తాయారు రామతీర్థం బస్సు దిగగానే అక్కడ్నుంచే గుండిగ వాసన పట్టేసిందట. ఆటోలో ఆ ఇద్దరు ఆడవాళ్ళు నేను దిగేముందు అది కూడా చెప్పుకున్నారు.

తాయారు గారికి రెండో విడత కరోనా వచ్చినప్పటి నుంచి వాసన తెలియదు. మల్లెపూలూ తెలియవు, మాడిన అన్నమూ తెలియదు. ఆ సంగతి మురళీమోహన్ గారికి ఆవిడ తిరిగి పనికి వచ్చిన మొదటి రోజే చెప్పారు. దేవి పేరున్న ఆ రిపోర్టులో వాసన గడి పక్కన చిన్న అక్షరాలతో ఉన్న సంతకం నాది.